పదివేల ఇళ్ళు, పదికి తొమ్మిదిన్నర మార్కులు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక ఇతిహాసం. ఇందులో సింహాసనం కదులుతుంది, సైన్యాలు నడుస్తాయి, వందల మంది చీకట్లో ఒక్క గొంతుతో తిరగబడతారు, చివరికి ఒక వృద్ధ గురువు అగ్నిపరీక్షకు నిలబడతాడు.

కాదులెండి. ఇది పళ్ళపొడి కథ. సైన్యాలు నడిచిన మాట నిజమే కానీ, నేనప్పుడు మంచం కింద ఉన్నాను కనుక చూసిన సాక్షిని కాను. జనం తిరగబడింది సికింద్రాబాదులో ఒక సినిమా హాల్లో, నేల తరగతిలో. గురువు నిలబడింది నిప్పుల ముందు కాదు, చింతగింజల ముందు. సింహాసనం సంగతి పేపర్లలో వచ్చింది, అక్కడే చదువుకోండి.

మా చిన్నాయనకు స్టేషను వెనక సందులో ఒక గది ఉంది. బోర్డులు రాయడం, సినిమా హాలుకు స్లయిడ్లు రాయడం ఆయన పని. స్లయిడ్ అంటే అరచేతిలో ఇమిడే గాజుముక్క. దాని మీద రంగుతో అక్షరాలు రాసి, పైన ఇంకో గాజు పెట్టి, అంచులకు కాగితం అంటిస్తాం. ఆట మొదలయ్యే ముందు, రీలు మార్చేటప్పుడు, హాలువాళ్ళు దాన్ని దీపం ముందు పెడితే తెరంత ప్రకటన అవుతుంది. అరచేతిలో పట్టేది నాలుగే లైన్లు. అందుకని అందులో ఒకటి ఎప్పుడూ లెక్కే. 'వెయ్యి మంది మెచ్చినది', 'లక్షల నోళ్ళలో నానినది'. సరుకు ఎలా ఉంటుందో చెప్పడానికి చోటుండదు, ఎంతమంది కొన్నారో చెబితే చాలు, గొర్రె వెనక గొర్రె వస్తుందని చిన్నాయన సిద్ధాంతం. గొర్రెలు ఎన్ని అని ఎవరూ లెక్కపెట్టరు.

ఆ నమ్మకం ఆయనకు ఊరికే రాలేదు. పోలీసు యాక్షన్ జరిగిన ఆ వారంలో మా వీధిలో ప్రతి గడపకూ ఒక లెక్క ఉండేది. ఎంత సైన్యం వచ్చింది, ఎన్ని ట్యాంకులు దిగాయి, అటువైపు ఎంతమంది ఉన్నారు. పక్కింటాయన పొద్దున చెప్పిన సంఖ్య సాయంత్రానికి రెట్టింపయ్యేది, భోజనాల వేళకు మళ్ళీ సగమయ్యేది. ఎవరు లెక్కపెట్టారని ఎవరూ అడగలేదు. అడగదగ్గ రోజులు కూడా కావవి. అందరం వణుకుతూ నమ్మాం. సంఖ్య చెబితే జనం నమ్ముతారన్నది చిన్నాయన అప్పుడే నేర్చుకున్నాడు. వణుకుతున్నప్పుడు మాత్రమే నమ్ముతారన్నది నేర్చుకోలేదు.

తర్వాత మా గదికి మంచి రోజులొచ్చాయి. సర్కారు మారగానే ఊళ్ళో సగం దుకాణాలు ఉర్దూ బోర్డుల పక్కన తెలుగు బోర్డులు పెట్టుకున్నాయి. ఆ పండగ ఎన్నాళ్ళు? బోర్డు ఒకసారి రాస్తే పదేళ్ళు ఉంటుంది. అదే మా చిన్నాయన పనితనంలోని లోపం. బోర్డులు అయిపోయాక మాకు మిగిలింది ఆ ఒక్క హాలు స్లయిడ్లే. ఏటేటా దసరా పండక్కి హాలు మేనేజర్ ఆ పనిని మళ్ళీ ఒకరికి అప్పగిస్తాడు. ఆ ఒకరు మేమే అయితే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కాకపోతే నేను ఏ ఆఫీసులోనో గుమాస్తాగా చేరాలి. దేశానికి అంత కష్టం రాకూడదని నా కోరిక.

అలాంటి ఏడాదిలో ఒక రోజు మాస్టారు వచ్చారు.

మాస్టారిది కోస్తా. మిషన్ బడిలో లెక్కలు చెప్పడానికి చిన్నప్పుడే సికింద్రాబాదు వచ్చి, రిటైరై, మారేడ్‌పల్లిలో స్థిరపడ్డారు. రిటైరైన చేతులు ఊరుకోక పళ్ళపొడి చేయడం మొదలుపెట్టారు. లవంగం, ఉప్పు, కాల్చిన బాదం పొట్టు, ఇంకేదో చెప్పని రహస్యం. చర్చి నుంచి వచ్చేవాళ్ళు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు రేకు డబ్బాల్లో కొనుక్కుపోయేవారు. ఆదివారం కోటు వేసుకుని, గొడుగు చంకలో పెట్టుకుని ఆయన మా గదిలోకి వచ్చేసరికి చిన్నాయన బీడీ వెనక్కి దాచాడు. చిన్నాయన ఆయన దగ్గర చదువుకోలేదు. అయినా దాచాడు. ఆయన చూపు అలాంటిది.

"చూడవోయ్, ఒక స్లయిడ్ కావాలి. క్లుప్తంగా ఉండాలి, నిజం ఉండాలి" అన్నారు మాస్టారు.

"లెక్క జెప్పుండ్రి సార్. ఎంతమంది వాడుతున్నరు మీ పండ్లపొడి?"

"పదివేల ఇళ్ళు."

చిన్నాయన కుంచె ఆగింది. తను సొంతంగా కల్పించే లెక్కలు కూడా అంత తడుముకోకుండా రావు.

"పక్కానా సార్?"

"లెక్కల మాస్టర్నోయ్ నేను" అన్నారు ఆయన. ఆ మాట తర్వాత ఎవరైనా ఏం అడుగుతారు? పైగా ఆయన ఇంకో లెక్క కూడా తెచ్చారు. వాడినవాళ్ళ చేత మార్కులు వేయించారట. సగటు, పదికి తొమ్మిదిన్నర.

నాలుగు లైన్లు కుదిరాయి. పళ్ళపొడి పేరు, 'పదివేల ఇళ్ళు వాడుతున్నాయి', 'వాడినవారి మార్కులు పదికి తొమ్మిదిన్నర', మారేడ్‌పల్లి. 'పదివేల'ను ఎర్ర రంగులో రాశాను. తెర మీద అది మా ఇంటికంటే పెద్దగా పడింది. చిన్నాయన మురిసిపోయాడు.

మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం ఆదివారం ఆటలో, రీలు మార్చేటప్పుడు ఈ స్లయిడ్ పడగానే నేల తరగతిలో ఎవడో తీరిగ్గా అన్నాడు: "మా ఇంట్ల లేదు."

నవ్వారు. వెనక బెంచీ నుంచి ఇంకొకడు: "మా ఇంట్ల సుత లేదు."

మర్నాటికి అది ఆటలో భాగమైపోయింది. స్లయిడ్ పడటం ఆలస్యం, నేల నుంచి, బెంచీల నుంచి, చివరికి ఆడవాళ్ళ వైపు నుంచి కూడా "మా ఇంట్ల లేదు, మా ఇంట్ల లేదు". ఈ ఒక్కదానికే టికెట్టు కొన్నవాళ్ళున్నారని గేటు దగ్గర టికెట్లు చించేవాడు నాతో అన్నాడు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఆ పళ్ళపొడి లేదో ఇంత పకడ్బందీగా తేల్చిన సర్వే ఇంకొకటి జరగలేదు. నేను కూడా ఒక ఆటలో చీకట్లో అరిచి చూశాను. అబద్ధం చెప్పలేదు, మా ఇంట్లోనూ లేదు.

మేనేజర్‌కి మాత్రం నవ్వు రాలేదు. సన్నటి మనిషి, నెహ్రూ టోపీ కొత్తగా అలవాటు చేసుకున్నవాడు, దాన్ని తరచు తడుముకునేవాడు. చిన్నాయనను, నన్ను తన గదికి పిలిపించాడు.

"ఏందీ లొల్లి?" అన్నాడు.

"పబ్లిక్‌కి మజా వస్తుంది సాబ్" అన్నాడు చిన్నాయన.

"మజా నీకు. నాకు పరేషాన్. హాల్ల గిట్ల నలుగురు గల్సి ఒర్లితే, బయట పోలీసోడు ఏమనుకుంటడు? మొన్నటి దాంక నలుగురు గల్సి నిలబడ్తేనే పట్కపోయిండ్రు. లైసెన్సు పోతే పండ్లపొడి తింటమా మనం?"

"స్లయిడ్ తీసేస్తం సాబ్."

"తీసేస్తే అబద్ధమని ఒప్పుకున్నట్టు. గప్పుడు జనం మిగిలిన స్లయిడ్ల మీద పడ్తరు. హోటలోడు లక్ష మంది తిన్నరంటడు, టైలరోడు పెండ్లికొడుకులందరు నా తాననే అంటడు. ఒక్కటి పోతే అన్నీ పోతయ్." టోపీ తడుముకున్నాడు. "దసరా పిక్చర్ షురూ అయ్యే లోపల సబూత్, గదే రుజువు, చూపెట్టు. నేనే వచ్చి నా కండ్లతోని చూస్త. లెక్క నిలబడ్తే వచ్చే ఏడాది గూడ నీకే. లేకుంటే సుల్తాన్ బజార్ల ఇంకో పెయింటర్ ఉన్నడు, మంచిగ రాస్తడు."

"వాడు 'ళ' రాయలేడు సాబ్" అన్నాన్నేను.

చిన్నాయన కింద నుంచి నా కాలు తొక్కాడు. బయటికొచ్చాక ఆయన మొహం చూస్తే నాకు మరో జోకు రాలేదు. అది నాకు అరుదు. ఇంటికి వెళ్ళేదాకా ఆయన ఒక్కటే మాట నాలుగుసార్లు అన్నాడు: "లెక్కల సార్ గదా, లెక్క ఉంటది." నాలుగోసారికి అది నాకు చెప్పడం మానేసి దేవుడికి చెబుతున్నాడు.

మర్నాడు నన్ను మారేడ్‌పల్లి పంపాడు. తను రాలేదు. బీడీ దాచే చోటు అక్కడ ఉండదని కాబోలు.

మాస్టారి ఇంట్లో వెనక వరండాయే ఫ్యాక్టరీ. బల్ల మీద ఖాళీ డబ్బాలు వరసగా బోర్లించి ఉన్నాయి. మాస్టారి భార్య, ఆ అమ్మగారు, గరిటెతో పొడి నింపుతున్నారు. నేను విషయం చెప్పాను. మాస్టారు నొచ్చుకోలేదు, తప్పుడు సమాధానం రాసిన కుర్రాణ్ణి చూసినట్టు చూశారు.

"పదివేలు ఎలా వచ్చిందో చెబుతా విను. స్లయిడ్ రాయించిన నాటికి ప్రెస్సువాడు నాకు వేసిచ్చిన లేబుళ్ళు పదివేలు. అన్నీ అంటించేశాను, ఇప్పుడు కొత్త కట్ట నడుస్తోంది. లేబుల్‌కి ఒక డబ్బా, డబ్బాకి ఒక ఇల్లు. ఎక్కడుంది తప్పు?"

ఎక్కడా కనిపించలేదు. నా మనసు కొంచెం కుదుటపడింది. అప్పుడే అమ్మగారు ఒక డబ్బా నింపి, పాత లేబుల్ మీద కొత్త లేబుల్ అంటించారు.

"అదేంటండీ?" అన్నాను.

"నింపించుకోడానికి తెచ్చిన డబ్బా నాయనా. మురికి లేబుల్‌తో ఇవ్వడం ఆయనకి గిట్టదు. నింపినప్పుడల్లా కొత్తది అంటించాల్సిందే" అన్నారు ఆవిడ.

నేను ఆ డబ్బా తీసుకుని గోటితో అంచు లేపాను. కొత్త లేబుల్ కింద పాతది. దాని కింద ఇంకోటి. దాని కింద ఉర్దూలో ఉన్నది, కిరీటం బొమ్మతో సహా. పోలీసు యాక్షన్ కాగానే మాస్టారు భయపడి, అమ్ముడుపోని డబ్బాలకు కూడా కిరీటం కనపడకుండా కొత్త లేబుళ్ళు అంటించేశారట. ఒక్క డబ్బా మీద అసఫ్‌జాహీల కాలం నుంచి మొన్నటి మంగళవారం దాకా చరిత్ర అంతా పొరలు పొరలుగా ఉంది. ఆయన లెక్కలో అది నాలుగు ఇళ్ళు.

మాస్టారు ఆ లేబుళ్ళ అంచులు వేలితో తడిమారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన్ని ఆ స్థితిలో చూస్తుంటే నాకు ఎందుకో నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సరే, మార్కులో సార్?" అన్నాను. అదైనా నిలబడుతుందని ఆశ.

"మార్కులు పక్కా. నా పాత విద్యార్థులు. చర్చి అయ్యాక ఒక్కొక్కణ్ణీ ఆపి అడిగాను."

"మీరే ఆపి అడిగారా?"

"మరి?"

"మీ ముందే చెప్పారా, పదికి ఎన్నో?"

"నా మొహం మీదే చెప్పారోయ్. పదికి పది."

ఆయన క్లాసులో చదివినవాళ్ళలో ఒకడు పెద్ద ఉద్యోగి అయ్యాక కూడా ఆయన ఎదురైతే అరచేతులు వెనక్కి పెట్టుకుంటాడని ఊళ్ళో చెప్పుకుంటారు. అలాంటివాళ్ళ దగ్గర ఆయన మార్కులడిగారు. నాకు ఒక అనుమానం మిగిలింది.

"అందరూ పదికి పది ఇస్తే తొమ్మిదిన్నర ఎందుకయింది సార్?"

"ఇద్దరు ముగ్గురు వెధవలు తక్కువ వేశారు. మూడు, నాలుగు. వాళ్ళకి గ్రేస్ మార్కులు కలిపి అయిదు చేశాను. పాస్ చేయించాలిగా."

అమ్మగారు గరిటె డబ్బాలో పెట్టి మొహం తిప్పుకున్నారు. భుజాలు కదిలాయి.

తిరిగి వచ్చి చిన్నాయనకు చెప్పాను. ఆయన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. "ఖతం. మునిగినం" అన్నాడు. మునిగిన మనిషి చేసే పనే చేశాడు, ఒక గడ్డిపోచ పట్టుకున్నాడు: "లేబుళ్ళ రసీదు తీస్కపోయి చూపెడ్దామా? పదివేలని రాసి ఉంటది గదా."

"లేబుళ్ళు అమ్ముడుపోయాయని స్లయిడ్ రాయలేదు చిన్నాయనా, ఇళ్ళు అని రాశాం. మేనేజర్ ఒక్క డబ్బా గీకితే చాలు, నిజాం బయటికొస్తాడు."

దసరా పిక్చర్‌కి ఇంకా ఒక నెల పైచిలుకు ఉంది. అబద్ధం నిజం కావడానికి అది చాలదు. నిజం ఎంతో తెలియడానికి చాలు. నాకు తోచింది ఇది: పిండిగిర్నీకి డబ్బా పంపినట్టే మాస్టారింటికీ జనం తమ డబ్బా తామే పంపుతారు, మారిపోకుండా అడుగున మేకుతో పేరు గీసుకుంటారు. మా దగ్గర స్లయిడ్ రంగు ఉంది, గాజునే పట్టుకుని వదలదు, రేకును వదులుతుందా? ఈ నెలలో నింపించుకోడానికి వచ్చిన ప్రతి డబ్బాకు అడుగున ఒక నీలం చుక్క. చుక్క ఉన్న డబ్బా మళ్ళీ వస్తే నింపి పంపడమే, లెక్కలో వేయకూడదు. కొత్త చుక్క పెట్టినప్పుడల్లా జాడీలో ఒక చింతగింజ. నెల చివర జాడీలో ఎన్ని గింజలుంటే అన్ని డబ్బాలు. ఇళ్ళు అనకూడదు, మనుషులు అనకూడదు. మనకు తెలిసింది డబ్బాలే.

మార్కుల సంగతి ఇంకా తలనొప్పి. మాస్టారు ఎదురుగా ఉంటే ఎవడూ నిజం చెప్పడు. అందుకని ముందు గదిలో తెర కట్టి, దాని వెనక పది ఖాళీ డబ్బాలు పెట్టాం, ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి, మూతలకు గింజ పట్టే చిల్లు పెట్టి. కొత్తగా చుక్క పడ్డ డబ్బాతో వచ్చినవాళ్ళకు అమ్మగారు ఒకే ఒక్క గింజ ఇస్తారు. నచ్చిన అంకెలో వేసిపోవచ్చు, ఇష్టం లేకపోతే వేయకుండానే పోవచ్చు. అందరికీ ఇవ్వాలి, మొహం చూసి ఇవ్వకూడదు. ఆ సమయంలో మాస్టారు వరండా దాటి రాకూడదు.

ఈ చివరి షరతుకు మాస్టారు ఒప్పుకోడానికి రెండు రోజులు పట్టింది.

"నా ఇంట్లో నేను దాక్కోవాలా?"

"పరీక్ష జరిగేటప్పుడు పేపరు దిద్దే మాస్టారు హాల్లో ఉండకూడదుగా సార్."

"ఉంటారోయ్. నేను ఉండేవాణ్ణి."

"అందుకే కదా ఈ గొడవ" అన్నారు అమ్మగారు, పొడి జల్లిస్తూ.

ఆ నెల మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. చిన్నాయన రోజూ పొద్దున్నే నన్ను మారేడ్‌పల్లి పంపి, నేను రాగానే "ఎన్ని?" అనేవాడు. నేను చెప్పగానే "గన్నే?" అనేవాడు. ఏ సంఖ్య చెప్పినా గన్నే. ఒక రోజు వాన పడి ఒక్క డబ్బా కూడా రాలేదు. ఆ రోజు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు, ఇద్దరం గోడకున్న పాత క్యాలెండరు చూస్తూ కూర్చున్నాం. ఇంకో రోజు ఒకావిడ డబ్బా అడుగున చుక్క చూసి, ఇదేదో సర్కారు గుర్తు, రేషన్ తగ్గిస్తారని, ఇంటికి పోయి గీకేసుకుని వచ్చింది. గీకిన మరక కనిపించింది కాబట్టి బతికాం, లేకపోతే ఆవిడ రెండు డబ్బాలయ్యేది. తెర వెనక గింజ పడ్డ శబ్దం వినపడితే వరండాలోంచి మాస్టారు చెవి రిక్కించేవారు. ఏ అంకెలో పడిందో శబ్దాన్ని బట్టి చెప్పగలనని ఆయన నమ్మకం. చెప్పలేరు, అన్ని డబ్బాలూ ఒకటే రకం.

మేనేజర్ వస్తానన్న రోజు పొద్దున చిన్నాయన కూడా మారేడ్‌పల్లి వచ్చాడు, అందరం కలిసి గింజలు లెక్కపెట్టాం. చుక్కలు పెట్టిన డబ్బాలు రెండు వందల పద్నాలుగు. మార్కులేసినవాళ్ళు నూట అరవై రెండు మంది. మాస్టారు స్వయంగా గుణించి, కలిపి, భాగించారు. ఏడుంబావుకు ఒక పిసరు తక్కువ.

పదివేల నుంచి రెండు వందల పద్నాలుగు. తొమ్మిదిన్నర నుంచి ఏడు. చిన్నాయన జాడీలోకి తొంగిచూశాడు. రెండు రాజ్యాలు పోయినవాడిలా ఉన్నాడు.

"ఏడుంబావు అని రాద్దాం తియ్యి. పిసరే గదా" అన్నాడు చివరికి.

"పిసరు మనది కాదు చిన్నాయనా. కిందికే దించాలి. ఏడు."

ఆయనకు మంచినీళ్ళు తేవడానికి నేను లోపలికి వెళ్ళి వచ్చేసరికి, ఒకటో అంకె డబ్బా మూత వదులుగా కనిపించింది. ఊపి చూశాను. చప్పుడు లేదు. అందులో ఒకే ఒక్క గింజ ఉండాలి. అంతలో బయట జట్కా ఆగిన చప్పుడైంది, గేటు దగ్గర మేనేజర్ టోపీ కనిపించింది.

మాస్టారు కిటికీలోంచి చెట్టు చూస్తున్నారు. చూడటానికి ఆ చెట్టులో ఏమీ లేదు.

"సార్, ఒకటో డబ్బాలో గింజ" అన్నాను మెల్లగా.

"నాలుగో దాంట్లో ఉంది" అన్నారు ఆయన, చెట్టుకే చెబుతున్నట్టు. "పదికి ఒకటి ఎవడైనా వేస్తాడటోయ్? పొరపాటున వేసుంటాడు. మూడు గ్రేస్ మార్కులిచ్చాను. ఇప్పుడు సగటు ఏడుంబావు దాటింది, చూసుకో."

నిజమే, దాటుతుంది. మొత్తం గింజలు మారవు, మేనేజర్ ఎన్నిసార్లు లెక్కపెట్టినా దొరకదు. చిన్నాయన నన్ను చూస్తున్నాడు, వద్దని కాదు, కావాలనీ కాదు, ఊరికే చూస్తున్నాడు. ఆయన ఏడాది ఆ చూపులో ఉంది. నాకు ఒక్క జోకు తట్టితే బాగుండుననిపించింది. తట్టలేదు.

"ఒకటి వేసినవాడు మళ్ళీ వచ్చి హాల్లో కూర్చుంటాడు సార్. నేను ఒకటి వేశాను, నా గింజ ఏదీ అని అరుస్తాడు. మళ్ళీ మొదలవుతుంది."

 అమ్మగారు గరిటె కింద పెట్టి, "మీ క్లాసులో ఎవడైనా మార్కులు దిద్దుకుని చూపిస్తే ఏం చేసేవారండీ?" అన్నారు, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా.

మాస్టారు లేచారు. నాలుగో డబ్బా మూత తీసి, ఒక గింజ ఏరి, ఒకటో డబ్బాలో వేశారు. ఆ చప్పుడు మాత్రం అందరికీ వినపడింది. అదే వేళకు మేనేజర్ గుమ్మంలోకి వచ్చాడు.

మేనేజర్ కాళ్ళు కడుక్కుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గింజలు తనే లెక్కపెట్టాడు, రెండుసార్లు. నింపడానికి వరసలో ఉన్న డబ్బాల్లోంచి తనకు నచ్చినవి నాలుగు తీసి తిరగేసి చూశాడు. మూడింటికి చుక్క ఉంది. నాలుగోదానికి లేదు. చిన్నాయన గుమ్మం వైపు జరిగాడు.

"అది ఇప్పుడే వచ్చింది నాయనా. ఇంకా పెట్టలేదు. లెక్కలోనూ లేదు" అన్నారు అమ్మగారు. నాలుగో డబ్బా తెచ్చినావిడ గుమ్మం దగ్గరే ఉండి, అవునంది.

మేనేజర్ తలాడించాడు. తర్వాత నేను ఎప్పుడు అడుగుతాడా అని భయపడుతున్న ప్రశ్నే అడిగాడు.

"ఒక్కటి జెప్పు. నచ్చనోడు మళ్ళ నింపిచ్చుకోనీకి ఎందుకొస్తడు? వచ్చినోడే మార్కులేస్తే ఏడు గాక ఏమైతది?"

"అవును సాబ్. పోయినోళ్ళ మార్కులు మా దగ్గర లేవు" అన్నాను. "అందుకని 'వాడినవారి మార్కులు' అని రాయం. 'మళ్ళీ నింపించుకున్నవారి మార్కులు' అని రాస్తాం. ఎంతమంది వేశారో రాస్తాం. ఏ నెలలోనో రాస్తాం. నెల పాతబడగానే స్లయిడ్ తీసి మళ్ళీ లెక్కపెడతాం."

"గిన్ని మాటలు గాజు మీద పడ్తయా?"

"అక్షరాలు చిన్నవవుతాయి సాబ్."

మేనేజర్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కోటు గుండీలు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నారు, ఫలితాల రోజు కుర్రాడిలా. "ఏడంటే ఫస్టు క్లాసే గద సార్" అన్నాడు మేనేజర్. మాస్టారు కోటు పైగుండీ తీశారు.

"నడవనియ్యి" అన్నాడు మేనేజర్ లేస్తూ. చిన్నాయనతో అన్నాడు: "వచ్చే ఏడాది నీకే. కాని ఒక్క షరతు. లెక్క రాసే ప్రతి స్లయిడ్‌కి సబూత్ నీ గదిల ఉండాలె. హోటలోనికి సుత, టైలరోనికి సుత. ఎవడన్న ఒర్లితే నేను నీ గదికి పంపిస్త, నా గదికి కాదు."

దసరా పిక్చర్ మొదలయింది. కొత్త స్లయిడ్ రీలు మార్చేటప్పుడు పడింది: సెప్టెంబరు నెలలో మళ్ళీ నింపించుకున్న డబ్బాలు రెండు వందల పద్నాలుగు, తెచ్చినవారిలో నూట అరవై రెండు మంది ఇచ్చిన సగటు మార్కులు పదికి ఏడు, మారేడ్‌పల్లి, లెక్క స్టేషను వెనక సందులో చూడవచ్చు. చిన్నాయన, నేను గోడవారగా నిలబడ్డాం. ఆయన నా మోచేతిని పట్టుకున్నాడు, వదిలేదాకా నాకు నొప్పి తెలియలేదు. నేల తరగతి అంతా మౌనంగా చదువుతోంది. చదవడం పూర్తికాకముందే స్లయిడ్ తీసేశారు. ఎవడో నెమ్మదిగా అన్నాడు: "మా ఇంట్ల ఉంది. నేను అయిదేసిన." ఎవరూ నవ్వలేదు. రెండో రీలు మొదలయింది.

హోటలాయన లక్ష మందిని వదులుకుని 'ఈ సందులో మొదటి హోటలు' అని రాయించుకున్నాడు. అది నిజమో కాదో సందు చివర నిలబడితే తెలుస్తుంది. టైలర్‌కు పెళ్ళికొడుకుల లెక్క దొరకలేదు, ఊరికే 'కోట్లు కుట్టబడును' అని రాయించుకున్నాడు. మాస్టారి పళ్ళపొడి అమ్మకాలు పెరిగాయా తగ్గాయా అని అడిగితే, ఆయన 'పరీక్ష ఇంకా జరుగుతోంది' అంటారు. ఒకటి వేసినవాడు ఎవరో ఇప్పటికీ ఆయన వెతుకుతున్నారు.

సబూత్ మా గదిలోనే ఉంది, రంగు డబ్బాల పక్కన, రెండు మూత జాడీల్లో. చింతగింజలకు పురుగు పడుతుంది. నెలకోసారి ఎండలో పోసి, ఆరాక మళ్ళీ ఎత్తిపెట్టాలి.